గాలిమర ఊగుడు: టూ-నార్మ్ చూడాలా, పీక్ గెయిన్ చూడాలా?

అనంతపురం గుట్టల మీది గాలిమర స్తంభాన్ని సులువు చేసి మాట్‌ల్యాబ్‌లో ఇలా రాసుకుందాం:

```
G = tf(1,[1 0.1 1]);
norm(G,2)    % 2.24
norm(G,Inf)  % 10.01
```

ఎటుపడితే అటు కొట్టే గాలిని తీవ్రత 1 ఉన్న వైట్ నాయిస్ అనుకుంటే, ఊగుడు ఆర్ఎంఎస్ టూ-నార్మే, అంటే 2.24. చేత్తోనూ తేలుతుంది: లవం 1, హారం s²+as+b అయితే టూ-నార్మ్ వర్గం 1/(2ab), ఇక్కడ 5.

పీక్ గెయిన్, అంటే norm(G,Inf), మొండి ప్రశ్న అడుగుతుంది. రెక్కలు స్తంభాన్ని దాటే లయ దాని సహజ లయతో కలిస్తే? అప్పుడు 1 యూనిట్ సైన్ తోపు దాదాపు 10 యూనిట్ల ఊగుడవుతుంది. దీన్ని లెక్కించేటప్పుడే పొరపాటు జరుగుతుంది. ఫ్రీక్వెన్సీని 0.3 చొప్పున జరుపుతూ చూస్తే 0.9 దగ్గర 4.76 వచ్చి, అదే శిఖరమనిపిస్తుంది. అడుగు సగం చేసినప్పుడు అంకె మారితే శిఖరం తప్పిపోయినట్టే.

డ్యాంపింగ్ నాలుగో వంతుకు తగ్గితే టూ-నార్మ్ రెట్టింపై 4.47 అవుతుంది, పీక్ మాత్రం 40కి లేస్తుంది. అందుకే స్తంభానికి నేను ముందు పీకే చూస్తాను. రోజువారీ అరుగుదలకు టూ-నార్మ్. G(s)లో ఇన్‌పుట్ నేరుగా అవుట్‌పుట్‌కి చేరే పదం ఉంటే టూ-నార్మ్ అనంతం.