రెండు రూమ్ మైకులు, ఒక గేటు: ఆరేళ్ళు వాడాక

ఏ మైకు కొనాలి, ఎంతకొస్తుంది అన్న సంగతులు ఇక్కడ రాయను, అవి అందరికీ తెలిసినవే. ఆరేళ్ళుగా మేడమీది గదిలో డ్రమ్స్‌కి దూరంగా రెండు రూమ్ మైకులు, వాటికో కంప్రెసర్, ఆ తర్వాత శబ్దం పెద్దదైతే తెరుచుకుని తగ్గగానే మూసుకునే ఓ గేటు పెట్టుకుని రికార్డ్ చేస్తున్నాను. గది మోత పెద్దగా లేచి టక్కున తెగిపోయే డ్రమ్ సౌండ్ కోసమే ఇదంతా. వీటన్నిటిలో నేను వదులుకోలేనిది గేటు వెనక ఉండే 'కీ' ఇన్‌పుట్. నన్ను బాగా ఏడిపించిందీ అదే.

ఈ సౌండ్ పుట్టింది 1979లో, లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో. గాయకుడు పీటర్ గాబ్రియెల్ మూడో ఆల్బమ్ పని జరుగుతోంది. డ్రమ్స్ మీద ఫిల్ కాలిన్స్, ఇంజినీరు హ్యూ ప్యాజమ్. లోపల వాయించేవాళ్ళ మాటలు బయటికి వినపడటానికి గదిలో పైన ఓ మైకు వేలాడదీసి ఉండేది. ఎంత మెల్లగా మాట్లాడినా వినపడాలి కాబట్టి దానికి చాలా గట్టి కంప్రెసర్ ఉండేది. కాలిన్స్ వాయిస్తుండగా ఆ మైకు తెరిచి ఉంది. మాటల కోసం పెట్టిన మైకులోంచి గది గదంతా డ్రమ్ములా మోగింది. ఆ స్టూడియోలోని ఎస్‌ఎస్‌ఎల్ కంపెనీ మిక్సింగ్ కన్సోల్‌లో చానెల్‌కో గేటు ఉండటంతో ఆ మోతని ఒక్కసారిగా తెంపేయడం కూడా చేతికందింది. 'ఇంట్రూడర్' పాట మొదట్లో వినిపించేది అదే. ఆ ఆల్బమ్‌లో సింబల్స్ వద్దని గాబ్రియెల్ ముందే చెప్పేశాడు. ఈ ముక్క నేను చదివి, అదో చాదస్తం అనుకుని వదిలేశాను.

ఇక కీ సంగతి. స్నేర్ దెబ్బ పడగానే కంప్రెసర్ దాన్ని నొక్కేస్తుంది, తర్వాత వదులుతుంది. అలా వదిలేటప్పుడు చచ్చిపోవాల్సిన గది మోత పైకి లేస్తుంది. ఆ పెద్ద సౌండ్‌కి మూలం ఇదే. కానీ దీనివల్ల దెబ్బకీ, దాని తోకకీ మధ్య తేడా దాదాపు పోతుంది. ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో గేటుకి తెలియదు. అందుకే దానికి రూమ్ మైకు వినిపించకుండా, కీలోకి స్నేర్ దగ్గరి మైకుని ఇస్తాం. తెరిచేది స్నేర్, లోపలికొచ్చేది గది. నా మైకులు 3 మీటర్ల దూరంలో ఉంటాయి, శబ్దం అక్కడికి చేరడానికి సుమారు 9 మిల్లీసెకన్లు పడుతుంది. ఈలోగా గేటు తెరిచే ఉంటుంది కాబట్టి దెబ్బ మొదలు తెగదు. మొదటిసారి ఇది కుదిరిన రోజు రాత్రి రెండింటిదాకా అదే బీట్ వింటూ కూర్చున్నాను.

ఏడిపించిన సంగతి పోయినేడాదిది. పాట టెంపో నిమిషానికి 96 బీట్లు. అంటే బీట్‌కి 625 మిల్లీసెకన్లు, అందులో సగం 312. తర్వాతి హైహ్యాట్ పడేలోపు గేటు మూసుకోవాలని అది తెరిచి ఉండే హోల్డ్ 240, మూసుకునే రిలీజ్ 50 మిల్లీసెకన్లు పెట్టాను. లెక్క బాగానే ఉంది, పాట మాత్రం వణుకుతోంది. మిగతావన్నీ మ్యూట్ చేసి రూమ్ ట్రాక్ ఒక్కటీ వింటే దొంగ దొరికాడు. స్నేర్ మైకులోకి హైహ్యాట్ కారుతోంది, దానికీ గేటు తెరుచుకుంటోంది. స్నేర్ ట్రాక్‌కి కాపీ తీసి, దెబ్బలు తప్ప అన్నీ కోసేసి, దాన్ని కీకి ఇచ్చాను. వణుకు పోయింది.

క్రాష్ సింబల్ తంటా మాత్రం పోలేదు. కోరస్‌లో స్నేర్‌తో పాటు క్రాష్ పడ్డ ప్రతిసారీ దాని మోత మూడోవంతు సెకనులో ఆగిపోతోంది, ఎవరో సింబల్‌ని చేత్తో పట్టుకున్నట్టు. ఓవర్‌హెడ్ మైకుల్లో అది నిండుగానే ఉంది, కానీ గది భాగం పుటుక్కున మాయమవడంతో పాటంతా ఒక్కసారి కుంచించుకుపోయినట్టుంటుంది. గేటు కోసేది గదిని, ఆ గదిలో సింబల్ కూడా ఉంది మరి. గాబ్రియెల్ చాదస్తం ఏమిటో అప్పుడు బుర్రకెక్కింది. చివరికి డ్రమ్మర్ని సింబల్స్ లేకుండా మళ్ళీ వాయించమన్నాను. "అన్నా, చెయ్యి ఊరికే పైకి పోతోంది" అన్నాడు. స్టాండ్ల మీద దిండ్లు కడితే వాటి దబ్బుమనే చప్పుడు మైకుల్లోకొచ్చింది. స్టాండ్లే తీసేశాం. క్రాషులు తర్వాత విడిగా వాయించాడు. సాయంత్రానికి అయిపోవాల్సిన పని రెండు రోజులు పట్టింది.

ఈ సౌండ్ రావడానికి గదికి తాండూరు బండల నేల ఉంటే చాలని అప్పట్లో మిత్రులకి గట్టిగా చెప్పాను. ఇప్పుడంత గట్టిగా చెప్పను. మా గది కప్పు 9 అడుగులే, కిక్‌కి బొంయ్‌మనే మోత వస్తుంది, అందుకే కిక్‌ని కీలోకి రానివ్వను. టామ్స్‌కి విడిగా కీ ఇవ్వకపోతే స్నేర్ పక్కన అవి డబ్బా కొట్టినట్టుంటాయి. ఎనభైల్లోనే ఏఎమ్‌ఎస్ వాళ్ళ ఆర్‌ఎమ్‌ఎక్స్16 అనే డిజిటల్ రెవర్బ్‌లో 'నాన్‌లిన్' ప్రోగ్రామ్ వచ్చాక, రాతి గది లేకుండానే ఈ తెగిన మోత తెచ్చుకునే వీలు కలిగింది. దాని పోలికలో వచ్చిన ప్లగిన్‌తో ఇప్పుడు సగం పాటలు కానిచ్చేస్తున్నాను. స్నేర్ ఒక్కదానికే అయితే తేడా నాకే సరిగ్గా తెలియట్లేదు.

డ్రమ్మర్ మన మాట వినేవాడై, పాటలో సింబల్స్ తక్కువుంటే మైకులే పెడతాను. లేదంటే లేదు. ఎటూ కింది పోర్షన్ పిల్లాడి టెన్త్ పరీక్షలు అయ్యేదాకా ప్లగినే.