పొలం అమ్మకం మీద అన్నాచెల్లెళ్ల గొడవ: సంభాషణ ఎలా రాస్తే మేలు?

తాతల నాటి పొలం అమ్మకం మన కథల్లో తరచూ వచ్చే సన్నివేశమే. దాన్ని రాయడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఒకటి, మనసులో ఉన్నదంతా పాత్రల చేత అనిపించేయడం. రెండోది, పొలం ఊసే ఎత్తకుండా వేపచెట్టు గురించో, పాత మోటారు గురించో మాట్లాడించడం. మూడోది, పొలం గురించే, సెంట్లూ అడ్వాన్సులతో సహా మాట్లాడిస్తూ అసలు బాధను మాత్రం దాచడం. నా ఓటు మూడోదానికే. ఒకే సన్నివేశాన్ని మూడు రకాలుగానూ రాసి చూద్దాం.

కోస్తాలో ఒక ఊరు. తండ్రికి నాలుగెకరాలు ఉండేది. 2001లో కూతురి పెళ్లికి ఒక ఎకరం అమ్మాడు. ఇప్పుడు తల్లీ తండ్రీ లేరు, కాగితం మీద పంపకాలు జరగలేదు. కొడుకు ఊళ్లోనే ఉండి సేద్యం చేశాడు, ఇప్పుడు అమ్మేద్దామంటున్నాడు. చెల్లెలు హైదరాబాదు నుంచి వచ్చింది. ఆమె సంతకం పెట్టకపోతే అమ్మకం ముందుకు కదలదు. ఆడపిల్లకు పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, 2005 సవరణతో అది దేశమంతటా వచ్చింది. రచయితకు ఈ చట్టం ఎందుకంటే, అన్న గొంతు ఎంత మెత్తగా ఉండాలో అదే చెబుతుంది. లోపల కోపం ఉంది, చేతికి కావలసింది ఆమె సంతకం. ఈ రెంటి మధ్య ఇరుక్కున్నవాడు సూటిగా మాట్లాడలేడు.

మొదటి రకం ఇలా ఉంటుంది:

"నాన్న మంచాన పడితే మూడేళ్లు చేసింది నేను. నీ పెళ్లికి ఎకరం పోయింది. ఇప్పుడు సమాన వాటా అంటావా?"
"నేనడిగానా ఆ ఎకరం అమ్మమని? మీరంతా కలిసి నన్ను వదిలించుకున్నారు!"

చదవడానికి బానే ఉంది. వేదిక మీద చప్పట్లు కూడా పడతాయి. చిక్కు తర్వాత వస్తుంది. రెండు మాటల్లోనే ఇద్దరి గుట్టూ బయటపడింది కాబట్టి మూడో మాట నుంచి గొంతులు పెంచడం తప్ప చేయగలిగింది లేదు. పాఠకుడు కనిపెట్టాల్సిందీ ఏమీ మిగల్లేదు. అరుపులు ఎక్కువైన చోట సన్నివేశం నిలబడిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

రెండో రకం:

"పొలంలో వేపచెట్టు ఎండిపోతోందటగా."
"వేరు పాడైంది. ఇక చిగురు వెయ్యదు."
"నీళ్లు పోస్తే?"
"ఎన్నాళ్లని పోస్తాం?"

కొత్తగా రాసేవాళ్లకు ఇది చాలా ఇష్టం. నాకు మాత్రం ఇక్కడ పాత్రలు కనబడవు, చెట్టు వెనక నిలబడి మాటలు అందిస్తున్న రచయిత కనబడతాడు. పైగా మన ఇళ్లలో పొలం మాట ఎత్తడానికి ఎవరూ మొహమాటపడరు. ధర ఎంత, కొనేదెవరు, డొంక వైపు ఎన్ని సెంట్లు, ఇవన్నీ కాఫీ తాగుతూనే అడుగుతారు. నోరు పెగలనిది పొలం దగ్గర కాదు, 'నాకు అన్యాయం జరిగింది' అనే చోట. దాచకూడనిదాన్ని దాచి, దాచాల్సినదాన్ని ప్రతీకలో పెట్టి ఊపడం వల్ల ఈ రకం దెబ్బ తింటుంది. పక్క గదిలో తల్లి చివరి రోజుల్లో ఉండి, ఆమె చెవిన పడకూడదన్నప్పుడు మాత్రం చెట్టు మాటకు ఒక కారణం దొరుకుతుంది. అప్పుడు దాన్ని తప్పుపట్టను.

ఇక మూడోది:

"మొత్తం మూడేనా అన్నయ్యా?"
"మూడే. నీకు తెలుసుగా."
"అడ్వాన్సు ఎప్పుడిచ్చారు?"
"ఉగాది ముందు."
"ఉగాదికి నేనిక్కడే ఉన్నా."
"నువ్వు పిల్లల హడావిడిలో ఉన్నావు కదమ్మా. … నీ ఖాతాలో ఎకరం డబ్బు వేస్తామన్నారు వాళ్లు."
"చెరి ఎకరన్నర కదా?"
"వాళ్లు అలా రాసుకున్నారు మరి."

ఇక్కడ అన్నీ పొలం మాటలే, అన్నీ లెక్కలే. కానీ "నీకు తెలుసుగా" అన్న చోట పెళ్లి ఎకరం వచ్చి కూర్చుంది. అన్న లెక్క పాఠకుడే వేసుకుంటాడు: అసలు నాలుగు, చెరి రెండు, నీది ఒకటి ముందే పోయింది, ఇక నీకు మిగిలింది ఒకటి. ఆ మాట అనే ధైర్యం అతనికి లేదు కాబట్టి కొనేవాళ్ల మీద తోస్తున్నాడు. ఎవరి వాటా ఎంతో కొనేవాళ్లకేం పట్టింది? ఆ అబద్ధం పలచగా ఉండటమే ఇక్కడ పనికొచ్చింది. చెల్లెలికీ అర్థమైంది, అయినా ఆమె "ఎకరన్నర" అనే అంకె దగ్గరే ఆగింది.

ఇందులో ఒక్క మాట కలిపితే చాలు, మొత్తం పాడవుతుంది. "మూడే. ఒకటి నీ పెళ్లికి పోయిందిగా" అని రాయండి, మళ్లీ మొదటి రకంలోకి జారిపోతాం. పాఠకుడికి అర్థం కాదేమోనన్న భయంతో చేతులారా కలిపే మాట ఇది. ఆ భయానికి మందు ముందు పేజీల్లో ఉంది. బస్సు దిగగానే పక్కింటి మామ్మ "నీ పెళ్లికి అమ్మిన ఎకరంలో ఇప్పుడు మేడ లేచింది, చూశావా" అని మామూలుగా అనాలి. అది గొడవతో సంబంధం లేనట్టుగా, గొడవకు కాస్త దూరంగా పడాలి. అప్పుడు "నీకు తెలుసుగా"కు పాఠకుడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ఈ విత్తనం వేయకుండా మూడో రకం రాస్తే అది బ్రోకర్ల బేరంలా మిగులుతుంది.

అంకెలు మితిమీరినా అదే ప్రమాదం. ఎకరం ధర, స్టాంపు ఖర్చు, కమీషను అన్నీ పెడితే పాఠకుడు ఏ లెక్క పట్టుకోవాలో తెలియక వదిలేస్తాడు. మూడు, ఒకటి, ఎకరన్నర. ఈ సన్నివేశానికి ఇవి చాలు. పిలుపుల్లో మార్పు కూడా ఇలాగే పొదుపుగా వాడాలి. అంతసేపూ "మన పొలం" అన్న చెల్లెలు ఒక్కచోట "మా వాటా" అంటే, భర్త ఆ గదిలో లేకపోయినా వచ్చి కూర్చున్నట్టే. రెండోసారి వాడితే అది ఎత్తుగడగా తెలిసిపోతుంది.

మరి సూటి మాటకు అసలు చోటే లేదా అంటే, ఒక్కసారికి ఉంది. దాన్ని అన్నకూ ఇవ్వను, చెల్లికీ ఇవ్వను. ఇద్దరూ ఎకరన్నర దగ్గర ఆగిపోయినప్పుడు వంటింట్లోంచి వదిన గొంతు వినిపించాలి: "ఏమండీ, ఆ పెళ్లి ఎకరం మాట ఇప్పుడెందుకండీ." అప్పటిదాకా ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. భార్యాభర్తలు ఆ లెక్క ఎన్ని రాత్రులు వేసుకున్నారో చెల్లెలికి ఆ క్షణంలో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆమె సంతకం పెట్టినా, పెట్టకపోయినా కథ నడుస్తుంది.