భిన్నాల వర్క్‌షీట్ల పుస్తకం: ఏడాది వాడాక నా అభిప్రాయం

మా అమ్మాయి ఐదో తరగతి సెలవుల్లో కొన్న పుస్తకం ఇది. ఆరో తరగతి అయ్యేదాకా వాడాం. లెక్కలు దిద్దే పని నాది. కాగితం మందంగా ఉంది, చెరిపినా చిరగలేదు. లెక్కల వరుస కూడా బాగుంది: ముందు సజాతి భిన్నాలు, తర్వాత విజాతి భిన్నాలు, చివర్లో మిశ్రమ భిన్నాలు. అసలు లోటంతా వెనక పేజీల్లోని జవాబుల్లోనే ఉంది. అవి చూసి తప్పో ఒప్పో తేల్చవచ్చు గానీ, పిల్ల ఎక్కడ తప్పిందో తెలియదు.

ఉదాహరణకి 3/4 + 1/6 అనే లెక్క. జవాబు 11/12. మా అమ్మాయి 2/5 అని రాసింది. చూడగానే ఆ 2/5 ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అంతు చిక్కదు. రఫ్ పుస్తకం తెప్పించి చూస్తే తెలిసింది. పైన 3, 1 కలిపి 4, కింద 4, 6 కలిపి 10 వేసింది. ఆ 4/10ని చక్కగా 2తో కొట్టేసి 2/5 చేసింది. హారాలు కలిపేసిన ఆనవాలు ఆ కొట్టివేతలో మాయమైంది. జవాబు ఎప్పుడూ సూక్ష్మరూపంలోనే రాయమని పుస్తకం అడుగుతుంది, చోటు కూడా అంతవరకే ఇస్తుంది. అందుకే కొట్టివేతకు ముందున్న భిన్నాన్ని కూడా పక్కన రాయమని చెప్పాను. ఇదే లెక్కకి 4/12 అని కనిపిస్తే అది వేరే తప్పు: క.సా.గు. సరిగ్గానే తీసి, లవాలు మార్చడం మరిచిపోయినట్టు. మొదటి తప్పుకి భిన్నం అంటే ఏంటో మళ్లీ చూపించాలి, రెండోదానికి ఒక మెట్టు గుర్తుచేస్తే చాలు. ఈ పుస్తకానికి రెండూ ఒకటే, ఇంటూ మార్కు.

హారాలు కలిపిన జవాబుని పట్టడానికి జవాబుల పేజీ అక్కర్లేదు. లవంతో లవం, హారంతో హారం కలిపితే వచ్చే భిన్నం ఎప్పుడూ ఇచ్చిన రెండింటి మధ్యలోనే పడుతుంది, పెద్దదాన్ని దాటదు. 2/5 సగం కన్నా తక్కువ, 3/4 సగం కన్నా ఎక్కువ. ముప్పావుకి ఇంకాస్త కలిపితే సగం కన్నా తగ్గుతుందా? రెండు భిన్నాలూ ఒకటే అయితే మరీ తమాషా: 1/4 + 1/4 = 2/8, కొట్టేస్తే మళ్లీ 1/4. కలిపింది ఏమైనట్టు?

ఇదంతా చెబితే మా అమ్మాయి ఊరుకోలేదు. “మరి టెస్టులో 10కి 7, ఇంకో టెస్టులో 20కి 15 వస్తే, 30కి 22 అని నువ్వే కలుపుతావుగా నాన్నా?” అంది. న్యాయమైన ప్రశ్నే. మార్కుల్లో రెండు పేపర్లూ కలిసి 30 మార్కుల కొత్త మొత్తం అవుతుంది. భిన్నాల కూడికలో మొత్తం మారదు, రెండు ముక్కలూ ఒకే వస్తువులోవి. గళ్ల నోట్‌బుక్‌లో 12 గళ్ల పట్టీ గీయించాను. అందులో 3/4 అంటే 9 గళ్లు, 1/6 అంటే 2 గళ్లు. రంగు వేసినవి 11, పట్టీలో గళ్లు మాత్రం ఇంకా 12 గానే ఉన్నాయి. హారం ఎందుకు కలపకూడదో దానికి అక్కడ అర్థమైంది. ఇలాంటి పట్టీలు పుస్తకంలో సజాతి భిన్నాల దగ్గర ఉన్నాయి, విజాతి భిన్నాలకి వచ్చేసరికి లేవు. అవసరమైన చోటే తీసేశారు.

ఇంకో మాట. విజాతి భిన్నాలు అయిపోయాయని ఆ పేజీలు మూసేయకండి. బడిలో భిన్నాల గుణకారం మొదలవగానే పాత తప్పు మళ్లీ మొలిచింది. గుణకారంలో పైవి పైవాటితో, కిందవి కిందవాటితో గుణిస్తాం కదా, అదే అలవాటు కూడికలోకి దిగింది. 2/7 + 3/7 లాంటి తేలిక లెక్కకే 5/14 రాసింది. పుస్తకంలో కూడిక, గుణకారం కలగలిపిన పేజీ ఒక్కటీ లేదు, ఆ లెక్కలు నేనే రాసి ఇచ్చేవాణ్ణి.

అభ్యాసానికి కావలసినన్ని లెక్కలున్నాయి, ఐదుకి మూడున్నర ఇస్తాను. దగ్గర కూర్చుని దిద్దే పెద్దవాళ్లుంటే కొనొచ్చు. పిల్లల్నే జవాబులు సరిచూసుకోమనేట్టయితే వద్దు. మా అమ్మాయి బడి స్నేహితురాలు ఒకమ్మాయి అలాగే వాడింది: జవాబుల పేజీ చూసి 2/5 కొట్టేసి 11/12 రాసుకుని, కింది లెక్కలో మళ్లీ హారాలు కలిపింది.