భానుడి భగభగలా, అహ్మదాబాద్ లెక్కలా: ఎండల వార్త ఎలా రాస్తే మేలు?

ఏప్రిల్ రెండో వారం వచ్చిందంటే మా డెస్కులో ఒక హెడ్డింగ్ తయారుగా ఉంటుంది: ‘భానుడి భగభగ’. నేనూ ఎన్నోసార్లు పెట్టాను. ఈమధ్య పాత ఫైల్లోంచి ఎండల మీద వార్తలు నాలుగు తీసి బల్ల మీద పక్కపక్కన పరిచాను. రెండు అలవాటు పద్ధతిలో రాసినవి. మిగతా రెండూ ‘సొల్యూషన్స్ జర్నలిజం’ పేరుతో వచ్చినవి. సమస్య ఎంత పెద్దదో చెప్పి వదిలేయకుండా, దానికి ఎవరో ఏదో చేస్తే అది పనిచేసిందా, ఎక్కడ పనిచేయలేదు అని ఆరా తీసే పద్ధతి అది. నాలుగు కత్తిరింపులతో ఏదీ రుజువు కాదు. కానీ ఏ పద్ధతిలో ఏం కనబడుతుందో, ఏం కనబడకుండా పోతుందో తెలుస్తుంది.

మొదటిది 2015 మే చివరివారం నాటిది. నిప్పులు కురిపిస్తున్న సూర్యుడు, కుంపటిలా రాష్ట్రం, పక్కన ఊళ్లవారీగా డిగ్రీలు. కింద మండలాలవారీగా మృతులు: ఉపాధి కూలీ, మేకల కాపరి, బస్టాండులో కూర్చున్నచోటే ఒరిగిపోయిన ముసలమ్మ. వార్తలో క్రియలన్నిటికీ కర్త సూర్యుడే. చంపినవాడు భానుడైతే ఇక అడగడానికి ఎవరున్నారు? కూలీని మిట్టమధ్యాహ్నం దాకా పనిలో ఉంచింది ఎవరు, బస్టాండులో నీళ్లు ఎందుకు లేవు అనే ప్రశ్నలకు ఆ వాక్యాల్లో చోటే లేదు.

అయినా ఆ కత్తిరింపును నేను పారేయను. అందులో పేర్లున్నాయి. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బ మృతులు 1,369 మంది అని అధికారిక లెక్క. మన దగ్గర వడదెబ్బ మరణం అనిపించుకోవాలంటే తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై ముగ్గురూ సరేననాలి. ఊళ్లో అంతా ఎండకే పోయాడని చెప్పిన మనిషి కాగితం మీద గుండెపోటుతో పోయినవాడు అవుతాడు. మండల విలేకరి రోజూ పంపే సింగిల్ కాలమ్ వార్తలే ఆ కాగితానికి పోటీ లెక్క.

రెండోదాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అంతర్జాతీయ నివేదిక ఒకటి వచ్చింది, భూమి సగటు వేడి 1.5 డిగ్రీలకు మించి పెరిగితే ముప్పన్నారు, పక్కన నెర్రెలిచ్చిన చెరువు ఫొటో. అందులో తప్పేం లేదు. ఊరు పేరు మార్చి మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు, వేస్తూనే ఉన్నాం.

మూడోది అహ్మదాబాద్ గురించి. 2010 మే నెలలో అక్కడ ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. తర్వాత పరిశోధకులు నగరంలో ఆ నెల నమోదైన మరణాలన్నిటినీ, కారణంతో పని లేకుండా, ముందూ వెనుకా ఏళ్ల మే నెలలతో పోల్చారు. 1,344 ఎక్కువ తేలాయి. సర్టిఫికెట్‌లో ఏం రాసి ఉందో చూడకుండా మొత్తం చావులు లెక్కపెట్టడమే ఇందులో కిటుకు.

ఆ ఎండల దెబ్బ చూశాక 2013లో అక్కడి నగరపాలక సంస్థ దేశంలోనే మొదటిసారిగా వేసవి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 41 డిగ్రీలు దాటితే పసుపు హెచ్చరిక, 43 దాటితే నారింజ, 45కి ఎరుపు. రంగును బట్టి ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, ఆస్పత్రుల్లో ఐస్ ప్యాకులు ఎక్కడ ఉండాలో ముందే రాసి పెట్టుకున్నారు.

ఆ కథనంలో నన్ను పట్టుకున్నది ఒక ఆస్పత్రి ముక్క. పసిపిల్లల వార్డు పై అంతస్తులో, కాగిపోయే స్లాబు కింద ఉండేది. ఎండలు ముదిరేకొద్దీ ఒళ్లు కాలిపోతున్న పసికందులు ఎక్కువగా వచ్చి చేరడం డాక్టర్లు గమనించారు. వార్డును కింది అంతస్తుకు మార్చారు. అలాంటి కేసులు సగానికి పైగా తగ్గినట్టు తర్వాత లెక్క తేలింది. కొత్త యంత్రం కొనలేదు, మంచాలు కిందికి దించారంతే. ఇది చదివిన ఏ జిల్లా ఆస్పత్రి సూపరింటెండెంటైనా ఒక్కసారి తల ఎత్తి తన పై అంతస్తు చూసుకుంటాడు. భానుడి భగభగ చదివినవాడు ఏం చూసుకుంటాడు?

విలేకరి అక్కడితో ఆగి ఉంటే నేను అనుమానించేవాణ్ణి. ప్రణాళిక వల్ల ఏడాదికి సగటున 1,190 మరణాలు తప్పాయని 2018లో ఒక అధ్యయనం అంచనా వేసింది. అది అంచనాయేనని, 2007–10 వేసవులను 2014–15తో పోల్చి తేల్చారని, ఒకే నగరానికి చెందిన లెక్క అని కథనంలో రాశారు. తర్వాత పేరాలో ఇంకా గట్టి మాట ఉంది. అహ్మదాబాద్‌ను చూసి దేశమంతా ఇలాంటి ప్రణాళికలు వచ్చాయి. 2023లో సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ 37 ప్రణాళికలు చదివి చూస్తే, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో రాసినవి మూడు. ఎండకు ముందుగా బలయ్యేది ఎవరో అంచనా కట్టినవి రెండు. అంటే కాగితం కాపీ అయింది, పని కాలేదు.

నాలుగోది చూడటానికి మూడోదానికి తమ్ముడిలా ఉంటుంది. ‘ఇంటిపై తెల్లరంగు.. ఏసీకి ఇక సెలవు!’ నవ్వుతున్న యజమాని, మెరుస్తున్న డాబా, తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం గురించి నాలుగు మంచి మాటలు. డిగ్రీలు ఎన్ని తగ్గాయో ఉంది. కొలిచింది డాబా మీదా, గదిలోనా? పగలా, రాత్రా? రాయలేదు. పైకప్పు వేడి తగ్గినంతగా గదిలో గాలి వేడి తగ్గదు. రెంటినీ కలిపేస్తే అంకె అబద్ధం కాకుండానే మోసం చేస్తుంది.

అసలు వదిలేసింది వేరే ఉంది. ఆ విధానంలో ప్రైవేటు ఇళ్లకు కూల్ రూఫ్ తప్పనిసరి అన్నది 600 గజాలు, ఆపైన స్థలాలకే. అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికం. రేకుల కింద ఉడికిపోతున్న బస్తీ ఇల్లు ఈ రెండో లెక్కలోకి వస్తుంది. పరిష్కారం బాగుందని రాసినవారు, అది ఎవరి నెత్తిమీదికి రాలేదో చూడలేదు.

ఏది మేలు అంటే, నా ఓటు మూడోదానికి. కానీ ఒక తిరకాసు ఉంది. 2010లో ఎంతమంది పోయారో లెక్క తేలకపోతే 2018లో ఎంతమంది బతికారో చెప్పడానికి ఆధారమే ఉండేది కాదు. మొదటి కత్తిరింపు లాంటివి రాయడం మానేస్తే మూడోది పుట్టదు. ఇక నాలుగోదానికన్నా మొదటిదే నయం. అది భయపెట్టినా బతిమాలినా, ఎండకు మనిషి పోయాడన్న నిజమైనా చెప్పింది. తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి నేను చేసే పని ఒకటే: కథనంలో ‘ఇది ఇక్కడ పనిచేయలేదు’ అన్న పేరా వెతుకుతాను. లేకపోతే అది ప్రకటనల విభాగానికి వెళ్లాల్సిన కాపీ అనుకుంటాను.

మొన్న ఒక మండల విలేకరి ఫోన్ చేశాడు.

“అన్నా, వడదెబ్బ మృతి ఒకటుంది. ఉపాధి పనికి పోయినాయన. సింగిల్ కాలమ్ పెట్టండి.”

“పనిలోకి ఎన్నింటికి దిగాడు? ఎన్నింటికి పడిపోయాడు?”

“అదీ అడగాలా అన్నా?”

“అక్కడ టెంటు వేశారా, నీళ్లున్నాయా, అదీ కనుక్కో. పక్క ఊళ్లో పని తెల్లారే మొదలుపెట్టి ఎండెక్కకముందే ఆపేస్తున్నారేమో అదీ చూడు.”

కాసేపు మాట లేదు. “పక్క ఊరు మా మండలం కాదన్నా,” అన్నాడు. ఆ మండలం విలేకరి నంబరు ఇచ్చాను.