హాఫ్ బ్రిడ్జ్‌కి డెడ్ టైమ్: టైమర్ పెట్టాలా, మన లెక్క పెట్టాలా, డ్రైవర్‌కి వదిలేయాలా?

తీర్పు ముందే చెప్పేస్తా. మీ చిప్‌లో కాంప్లిమెంటరీ అవుట్‌పుట్లు, డెడ్ టైమ్ జనరేటర్ ఉన్న టైమర్ ఉంటే ఇంకేం ఆలోచించకుండా అదే వాడండి. లేకపోతే రెండు కంపేర్ విలువలతో మనమే గ్యాప్ పెట్టుకోవచ్చు, కానీ అందులో ఒక గుంత ఉంది, అది తెలియకుండా దిగకూడదు. డ్రైవర్ ఐసీ లోపల ఉండే డెడ్ టైమ్ చాలామంది అనుకున్నంత చెత్త ఐడియా ఏం కాదు, అయితే అది అన్ని చోట్లా సరిపోదు.

మాట్లాడుకోవడానికి ఒక కేసు పెట్టుకుందాం: 24 వోల్టుల సప్లై, 10 ఆంపియర్ల లోడ్, 20 కిలోహెర్ట్జ్ పీడబ్ల్యూఎం, పైన ఒక IRFZ44N, కింద ఒక IRFZ44N. కౌంటర్ సున్నా నుంచి పైకి ఎక్కి మళ్ళీ కిందికి దిగుతుంది, అంటే సెంటర్ అలైన్డ్. కౌంటర్ విలువ కంపేర్ విలువ కన్నా తక్కువ ఉన్నంతసేపు పై మాస్‌ఫెట్ ఆన్, మిగతా సమయమంతా కిందిది ఆన్. కాగితం మీద ఇంతే. గొడవెక్కడంటే, ఈ మాస్‌ఫెట్ ఆన్ అవ్వడానికి చూపించే హుషారు ఆఫ్ అవ్వడానికి చూపించదు. డేటాషీట్‌లో టర్న్ ఆన్ డిలే 12 నానోసెకన్లు, టర్న్ ఆఫ్ డిలే 44, ఆ తర్వాత ఫాల్ టైమ్ ఇంకో 45. రెండు గేట్లకీ ఒకేసారి సిగ్నల్ మారిస్తే, ఒకటి పూర్తిగా ఆగేలోపే రెండోది మొదలుపెడుతుంది, ఆ కాసేపు సప్లై నేరుగా గ్రౌండ్‌కి షార్ట్, దీన్నే షూట్ త్రూ అంటారు. 44 ప్లస్ 45 మైనస్ 12, అంటే కనీసం 77 నానోసెకన్ల గ్యాప్ కావాలి, డెడ్ టైమ్ అంటే ఈ గ్యాపే. అయితే ఆ అంకెలు 12 ఓముల గేట్ రెసిస్టర్‌తో కొలిచినవి, మీరు 22 పెడితే ఇంకా నెమ్మదిస్తుంది, పైగా డ్రైవర్‌లో పై ఛానెల్‌కీ కింది ఛానెల్‌కీ మధ్య ఆలస్యంలో తేడా ఉంటుంది. అందుకే మొదట 250 దగ్గర మొదలుపెట్టి, కొలిచాక తగ్గించుకుందాం.

ఇప్పుడు ఆ 250 ఎవరు పెట్టాలి అన్నదే ప్రశ్న.

టైమర్‌లో హార్డ్‌వేర్ లేని చోటు నుంచి మొదలుపెడతా, ఎందుకంటే అసలు సంగతంతా అక్కడే ఉంది. ATmega328P తీసుకోండి. టైమర్1కి రెండు కంపేర్ ఛానెళ్ళున్నాయి కానీ డెడ్ టైమ్ జనరేటర్ లేదు. 16 మెగాహెర్ట్జ్ మీద ఒక టిక్ 62.5 నానోసెకన్లు, కాబట్టి 250 అంటే 4 టిక్కులు. ICR1లో 400 పెడితే పైకీ కిందికీ కలిపి 800 టిక్కులు, సరిగ్గా 20 కిలోహెర్ట్జ్. OC1Aని మామూలుగా, OC1Bని ఇన్వర్ట్ చేసి పెట్టి, OCR1Bని OCR1A కన్నా 4 ఎక్కువ ఉంచితే చాలు. కౌంటర్ ఎక్కేటప్పుడు ముందు A ఆగుతుంది, 4 టిక్కుల తర్వాత B మొదలవుతుంది. దిగేటప్పుడు ముందు B ఆగుతుంది, 4 టిక్కుల తర్వాత A. రెండు వైపులా గ్యాప్ దానంతట అదే వస్తుంది. (ఇదే ట్రిక్‌ని కౌంటర్ ఒకే దిశలో ఎక్కి టక్కున సున్నాకి పడే ఫాస్ట్ పీడబ్ల్యూఎం మోడ్‌లో చేయబోతే కుదరదు. సున్నా దగ్గర A, B రెండూ ఒకే క్షణంలో మారతాయి, ఆ అంచున గ్యాప్ ఉండదు.)

డ్యూటీ మార్చకుండా వదిలేస్తే ఇది రోజులు రోజులు హాయిగా నడుస్తుంది. గుంత ఉన్నది మార్చే క్షణంలో. మోడ్ 8లో, అంటే ఫేజ్ అండ్ ఫ్రీక్వెన్సీ కరెక్ట్‌లో, మనం రాసిన విలువలు ముందు బఫర్‌లో కూర్చుని, కౌంటర్ సున్నాకి చేరినప్పుడు రెండూ కలిసి అమల్లోకి వస్తాయి. కానీ మనం రాసేది రెండు వేర్వేరు సార్లు. A 100, B 104 ఉన్నాయనుకోండి, 200కి పెంచాలి. A=200 రాశాం, B రాసేలోపు కౌంటర్ సున్నా దాటింది. ఆ ఒక్క సైకిల్‌లో A 200, B ఇంకా 104. కౌంటర్ 104 నుంచి 200 దాకా ఎక్కుతున్నంతసేపు రెండు మాస్‌ఫెట్లూ ఆన్, 96 టిక్కులు, అంటే 6 మైక్రోసెకన్లు. దిగేటప్పుడు ఇంకో 6. 250 నానోసెకన్ల కోసం లెక్కలు వేసిన మనకి ఇది పెద్ద దెబ్బే. ఇది ఎప్పుడో గానీ జరగదు కాబట్టి బెంచ్ మీద కనిపించదు, బోర్డు మాత్రం ఒకరోజు కారణం చెప్పకుండా పోతుంది.

ఇంటరప్ట్‌లు ఆపేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇంటరప్ట్‌లు ఆపితే ప్రాసెసర్ పక్కకి పోదు, అంతే. టైమర్ మన `cli()` కోసం ఆగదు, సున్నా దాటాల్సిన టైమ్‌కి దాటేస్తుంది. అసలు మందు వరుస మార్చడం:

```c
cli();
if (kotta > OCR1A) {
    OCR1B = kotta + DT;
    OCR1A = kotta;
} else {
    OCR1A = kotta;
    OCR1B = kotta + DT;
}
sei();
```

పెంచేటప్పుడు ముందు B, తగ్గించేటప్పుడు ముందు A. అప్పుడు మధ్యలో సున్నా దాటినా, ఆ ఒక్క సైకిల్‌లో గ్యాప్ మామూలు కన్నా పెద్దగా వస్తుంది తప్ప రెండూ కలవవు. ఇంటరప్ట్‌లు ఆపడం కూడా ఉంచాలి, కానీ వేరే కారణానికి: ఈ 16 బిట్ల రిజిస్టర్లకి రాసే పై బైట్ అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒకే తాత్కాలిక రిజిస్టర్ గుండా పోతుంది, మధ్యలో ఇంకో ఇంటరప్ట్ దాన్ని తాకితే మన విలువ పాడవుతుంది.

ఇప్పుడు STM32F103 లాంటి దాంట్లో TIM1 చూడండి. మనం రాసేది CCR1 ఒక్కటే. ఒకే రిఫరెన్స్ సిగ్నల్ నుంచి CH1, CH1N రెండూ పుడతాయి, ఆన్ అయ్యే ప్రతి అంచునీ హార్డ్‌వేరే ఆలస్యం చేస్తుంది, ఆఫ్ అయ్యే అంచుని వెంటనే వదులుతుంది. రెండు విలువలు లేవు కాబట్టి అవి తప్పే అవకాశమూ లేదు. CCR1లో మీరు ఏ చెత్త విలువ రాసినా డ్యూటీ తప్పుతుంది గానీ గ్యాప్ పోదు. 72 మెగాహెర్ట్జ్ మీద ఒక టిక్ 13.89 నానోసెకన్లు, 250కి 18:

```c
TIM1->BDTR = TIM_BDTR_MOE | TIM_BDTR_BKE
           | TIM_BDTR_OSSI | TIM_BDTR_LOCK_0 | 18;
```

ఆ LOCK బిట్ పెట్టాక రీసెట్ దాకా డెడ్ టైమ్‌ని ఏ కోడూ మార్చలేదు, దారితప్పిన పాయింటర్ కూడా. అందుకే మొత్తం ఒకేసారి రాయాలి. BKE వల్ల బ్రేక్ పిన్ పనిచేస్తుంది, ఓవర్ కరెంట్ కంపారేటర్ దాన్ని కిందికి లాగితే ప్రాసెసర్ ప్రమేయం లేకుండానే రెండు అవుట్‌పుట్లూ ఆగిపోతాయి. (ఆ పిన్ వాడకపోతే BKE తీసేయండి, తేలుతూ ఉన్న పిన్‌తో మోటార్ ఎందుకు తిరగట్లేదని తల బద్దలు కొట్టుకోవద్దు.) ఒక చిన్న జాగ్రత్త: ఆ 18 కూర్చునే DTG ఫీల్డ్ 127 దాకానే నేరుగా టిక్కుల లెక్క, అంటే సుమారు 1.76 మైక్రోసెకన్లు. 128 నుంచి పై బిట్లు గుణకాన్ని మారుస్తాయి, అక్కడ 200 రాస్తే 200 టిక్కులు రావు.

మూడోది డ్రైవర్. IR2104కి ఒకే ఇన్‌పుట్, లోపల మామూలుగా 520 నానోసెకన్ల డెడ్ టైమ్ ఉంటుంది. కోడ్ ఏం చేసినా, ఆఖరికి ప్రాసెసర్ హ్యాంగ్ అయి పిన్ ఎక్కడో ఒకచోట ఇరుక్కుపోయినా, రెండు గేట్లూ కలిసి ఆన్ అవ్వవు. షూట్ త్రూ ఒక్కటే చూస్తే ఇదే అన్నిటికన్నా మొండి రక్షణ. కానీ ఆ 520ని మనం తగ్గించలేం, దానికో ధర ఉంది. డెడ్ టైమ్‌లో కరెంట్ మాస్‌ఫెట్ లోపలి డయోడ్ గుండా పోతుంది. డయోడ్ మీద సుమారు ఒక వోల్ట్ అనుకుంటే, 10 ఆంపియర్లకి, సైకిల్‌కి రెండు గ్యాప్‌ల చొప్పున, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 0.2 వాట్లు. పట్టించుకోనక్కర్లేదు. 100 కిలోహెర్ట్జ్‌కి వెళితే ఒక వాట్ దాటుతుంది, అప్పుడు హీట్‌సింక్ గుర్తొస్తుంది.

వోల్టేజ్ తప్పు ఇంకా ముఖ్యం. ప్రతి సైకిల్‌లో ఒక డెడ్ టైమ్ అంత వోల్టేజ్ మనం అడిగినదానికి తేడాగా వస్తుంది: 24 వోల్టుల మీద 50 మైక్రోసెకన్ల సైకిల్‌లో 520 నానోసెకన్లంటే పావు వోల్ట్, 250 అయితే 0.12. బక్ కన్వర్టర్‌లో ఫీడ్‌బ్యాక్ లూప్ దీన్ని గమనించకుండానే సర్దేస్తుంది. మోటార్‌కి సైన్ కరెంట్ ఇచ్చే చోట మాత్రం, కరెంట్ దిశ మారినప్పుడల్లా ఈ తప్పు గుర్తు కూడా మారుతుంది కాబట్టి, సున్నా దగ్గర కరెంట్ చదునుగా నిలిచిపోతుంది, తక్కువ స్పీడ్‌లో మోటార్ గరగరలాడుతుంది. అక్కడ నేను IR2104 పెట్టను, IR2110 లాంటి రెండు ఇన్‌పుట్ల డ్రైవర్‌కి TIM1 నుంచి ఇస్తా. IR2110 లోపల ఏ అడ్డూ లేదు, రెండు ఇన్‌పుట్లూ పైకి ఇస్తే రెండు మాస్‌ఫెట్లనీ శుభ్రంగా ఆన్ చేసేస్తుంది, కాబట్టి అక్కడ టైమర్ మీద నమ్మకం తప్పనిసరి. రెండు ఇన్‌పుట్లూ, సొంత డెడ్ టైమూ ఉన్న డ్రైవర్లు కూడా దొరుకుతాయి. వాటికి టైమర్ గ్యాప్ కూడా ఇస్తే సాధారణంగా రెండూ కూడవు, పెద్దదే నిలుస్తుంది.

డ్రైవర్ మార్చేటప్పుడు ఇన్‌పుట్ ధ్రువం చూసుకోండి. కొన్నిట్లో కింది ఇన్‌పుట్ తలకిందులు, అంటే సున్నా ఇస్తే ఆన్. అలాంటిదానికి మామూలు ధ్రువంతో ఇస్తే డెడ్ టైమ్‌లో మనం ఇచ్చే సున్నానే కింది మాస్‌ఫెట్‌కి ఆన్ అవుతుంది, గ్యాప్ పెట్టామనుకున్న చోటే పని తేడా కొడుతుంది. STM32లో దీనికే CC1NP బిట్ ఉంది, పవర్ ఇవ్వకముందే స్కోప్‌తో పిన్‌ల దగ్గర చూసి పెట్టుకోవాలి.

కొలవడానికి స్విచ్ నోడ్ చాలు. కరెంట్ బయటికి పోతున్నప్పుడు నోడ్ గ్రౌండ్ కన్నా ముప్పావు నుంచి ఒక వోల్ట్ కిందికి దిగి ఒక చిన్న మెట్టులా కనిపిస్తుంది, ఆ మెట్టు వెడల్పే నిజంగా మిగిలిన డెడ్ టైమ్. పై గేట్‌ని చూడాలంటే మాత్రం ప్రోబ్ గ్రౌండ్ క్లిప్‌ని స్విచ్ నోడ్‌కి తగిలించకండి, అది స్కోప్ ద్వారా గ్రౌండ్‌కి షార్ట్. రెండు ప్రోబ్‌లు పెట్టి తేడా తీసుకోండి. కరెంట్ లిమిట్ ఉన్న సప్లై మీద, లోడ్ లేకుండా, 18 నుంచి ఒక్కో టిక్ తగ్గిస్తూ రండి. సప్లై కరెంట్ దాదాపు కదలకుండా ఉండి, ఒకచోట ఉన్నట్టుండి ఎక్కడం మొదలవుతుంది, రెండు మాస్‌ఫెట్లూ కలుస్తున్నది అక్కడే. అక్కడి నుంచి వెనక్కి వచ్చి కనీసం అంతకు రెట్టింపు దగ్గర ఆపి, మాస్‌ఫెట్లు బాగా వేడెక్కాక మళ్ళీ ఒకసారి చూడండి.