స్లైడ్ మీద వైవాక్సా, ఫాల్సిపరమా: తొమ్మిదేళ్లు చూశాక నా మాట

ఒంగోలులో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్ని. మలేరియా ఉందా లేదా అన్నదానికి స్లైడ్ మీద రక్తం మందంగా పూసిన స్మియరే మేలు, కానీ అది వైవాక్సో ఫాల్సిపరమో, ఏ రకమో చెప్పాలంటే పల్చటి స్మియరే దిక్కు, ఎందుకంటే ఎర్రకణం పగలకుండా ఉండేది అందులోనే. ఈ పల్చటి స్మియర్‌కి నేనిచ్చే మార్కులు ఐదుకు నాలుగు. ఆ పోయిన ఒకటి ఎందుకు పోయిందో చెప్తా.

కొత్తలో అందరం రింగునే, అంటే ఎర్రకణంలో ఉంగరంలా కనిపించే లేత పరాన్నజీవినే చూస్తాం. ఫాల్సిపరం రింగు సన్నటి ముక్కుపుడక లాంటిది, ఎర్రకణం అడ్డకొలతలో ఐదో వంతో ఆరో వంతో ఉంటుంది, ఒక్కోసారి రెండు ఎర్ర చుక్కలుంటాయి, కొన్ని కణం అంచుకు అతుక్కుని ఉంటాయి. వైవాక్స్ రింగు దాదాపు మూడో వంతు, నీలం భాగం మందంగా ఉంటుంది. చదవడానికి బాగానే ఉంది, కానీ వైవాక్స్ కూడా లోపలికి దూరిన మొదటి గంటల్లో సన్నగానే ఉంటుంది. అందుకే నేను ఇప్పుడు రింగు కంటే ముందు అది ఉన్న కణాన్ని చూస్తా. ఫాల్సిపరం ఉన్న కణం పక్క కణాలంతే ఉంటుంది. వైవాక్స్ ఎక్కువగా లేత కణాల్లోకి దూరుతుంది, పెరిగేకొద్దీ ఆ కణం ఒకటిన్నర రెట్లు దాకా ఉబ్బుతుంది, దాని నిండా సన్నటి గులాబీ చుక్కలు వస్తాయి, వాటినే షఫ్నర్ చుక్కలంటారు. కణం సైజు మాత్రం పక్కనే ఉన్న కణంతోనే పోల్చాలి. స్మియర్ తోక చివరకు పోతే అన్నీ చదునై పెద్దవిగానే కనిపిస్తాయి, అక్కడ కొలిచి నేను రెండుసార్లు బోల్తా పడ్డా.

పోయిన వానాకాలం చీమకుర్తి క్వారీలో పనిచేసే ఒడిశా కుర్రాడి రక్తం సాయంత్రం ఆరింటికి వచ్చింది. మామూలు రక్తపరీక్ష సీబీసీ స్మియర్లకి వాడే 6.8 పీహెచ్ బఫర్ నీళ్లు సిద్ధంగా ఉంటే తొందరలో వాటితోనే జీమ్సా రంగు వేసేశా. చూస్తే అన్నీ రింగులే, సన్నవి, చుక్కలు ఎక్కడా లేవు, పైగా ఒకే కణంలో రెండు రింగులు. ఇంకేముంది, ఫాల్సిపరం అని కాగితం మీద రాసేశా. అంతలో మలేరియా కార్డు టెస్టు చూస్తే అన్ని రకాలకూ వచ్చే గీత ఉంది, ఫాల్సిపరం గీత లేదు. కార్డేమీ దేవుడు కాదు, ఫాల్సిపరం ఉన్నా ఆ గీత రాని సందర్భాలున్నాయి. కానీ రెండూ ఒకదానికొకటి పొసగలేదు. డాక్టరు గారికి ఫోన్ చేసి, "సార్, ఒక గంట టైమివ్వండి, నాకు అనుమానంగా ఉంది" అన్నా.

నేనెప్పుడూ మూడు స్లైడ్లు లాగి పెట్టుకుంటా. రెండోదాన్ని మిథనాల్‌లో ముంచి ఆరబెట్టి, 7.2 బఫర్‌లో మూడు శాతం జీమ్సా కలిపి నలభై ఐదు నిమిషాలు ఉంచా. అదే రక్తం, వేరే బొమ్మ. చిన్న రింగులున్న కణాల్లో చుక్కలు ఇంకా లేవు, కానీ కొంచెం ముదిరిన రింగులున్న కణాలు పక్కవాటి కంటే స్పష్టంగా పెద్దవి, వాటిలో గులాబీ చుక్కలు. నీళ్లు ఆమ్లం వైపు ఉంటే ఈ చుక్కలు రంగు పట్టవు, నేను చేసిన తప్పు అదే. మా బోరు నీళ్లతో ఇంకో పేచీ, క్షారం ఎక్కువై స్లైడంతా నీలంగా వస్తుంది, ఎర్ర చుక్క కూడా మసకేస్తుంది. ఆ ఒక్క మార్కు ఇక్కడే పోయింది, పద్ధతి మంచిదే, నీళ్లు కుదరకపోతే అబద్ధం చెప్తుంది.

రెండు రింగుల కణం సంగతేంటి అంటారా? వైవాక్స్‌లోనూ అప్పుడప్పుడు వస్తుంది, అదొక్కటే సాక్ష్యం కాదు. మర్నాడు పొద్దున మళ్లీ రక్తం తీయించి చూస్తే, ఉబ్బిన కణం నిండా పరాన్నజీవి చేతులు చాచినట్టు వంకరటింకరగా పరుచుకుని ఉంది. ఫాల్సిపరం ముదిరాక లోపలి అవయవాల సన్నటి రక్తనాళాల్లో నక్కుతుంది, వేలి రక్తంలో అలాంటివి మామూలుగా దొరకవు. అయినా రెండూ కలిసి ఉండొచ్చని వంద ఫీల్డులు పైనే వెతికి, వైవాక్స్ అని రాశా. తేడా ఊరికే కాదు, వైవాక్స్‌కి కాలేయంలో దాక్కున్నవాటి కోసం పధ్నాలుగు రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు, ఫాల్సిపరం అని పంపేస్తే ఆ కోర్సు దొరక్క నెలల తర్వాత మళ్లీ జ్వరంతో వస్తాడు. తిరగేసి పొరబడితే ప్రాణం మీదకే వస్తుంది.

ఇంకో చిరాకు, ఊళ్ల నుంచి, రక్తం గడ్డకట్టకుండా ఇడిటిఎ వేసిన ట్యూబు బస్సులో నాలుగైదు గంటలకు వస్తుంది. అప్పటికి పరాన్నజీవి ఆకారం చెడి ఉంటుంది, అలాంటి దాని మీద రకం తేల్చను, వేలికి గుచ్చి అప్పటికప్పుడు తాజాగా లాగుతా.

ఇప్పుడు మా బల్ల మీద 7.2 సీసాకి ఎర్ర టేపు చుట్టి పెట్టా. కొత్తగా చేరిన అమ్మాయి, "రెండూ నీళ్లే గదా అన్నా" అంది. దాచి ఉంచిన ఆ రెండు స్లైడ్లు ఒకదాని తర్వాత ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నా.