జీతం రాని మూడు నెలలకు: ముందే ఆర్‌డీనా, అప్పుడు గోల్డ్ లోనా?

చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల వరకు జీతంతో కూడిన ప్రసూతి సెలవు వస్తుంది. మా చెల్లి ఆ తర్వాత ఇంకో మూడు నెలలు జీతం లేకుండా ఇంట్లో ఉండాలనుకుంది. మరిది జీతం 45,000. ఇంటి లోను ఈఎమ్‌ఐతో కలిపి ఖర్చు 65,000, బిడ్డకు టీకాలు, డైపర్లు ఇంకో 4,000. అంటే నెలకు 24,000 లోటు, మూడు నెలలకు 72,000.

గర్భం తెలిసిన నెలలోనే నెలకు 6,000 చొప్పున ఆర్‌డీ మొదలుపెడితే, జీతంతో కూడిన సెలవు ముగిసేసరికి ఏడాది అవుతుంది, 72,000 చేతికొస్తుంది. వడ్డీ కొంచెమే, కానీ ఎవరికీ బాకీ ఉండదు. మధ్యలో అవసరమై ముందే మూసేస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, అసలు పోదు.

గాజులు పెట్టి గోల్డ్ లోన్ తీసుకుంటే డబ్బు అదే రోజు వస్తుంది. ఏడాదికి 12 శాతం అనుకుంటే 72,000కు నెలకు 720 వడ్డీ. వడ్డీ పెద్ద భారం కాదు. అసలు చిక్కు తీర్చే సమయంలోనే. ఆమె ఉద్యోగానికి తిరిగి వెళ్లే నెలలోనే క్రెష్ ఫీజో, ఆయా జీతమో మొదలవుతుంది. గడువు దాటినా కట్టకపోతే గాజులు వేలానికి వెళ్లొచ్చు.

నేనైతే ఆర్‌డీనే అంటాను. ఆలస్యమైపోతే లోను మొత్తం ఒకేసారి తీసుకోకుండా, ఏ నెల లోటుకు ఆ నెల ఒక్కో గాజు పెట్టండి.